చివరి జాయింటు దగ్గర నైట్రోజన్‌కి దారి ఎక్కడ?

*ప్రశ్న: నేను రిఫ్రిజిరేషన్ పనిలో ట్రైనీని. ఆర్-134ఎ డీప్ ఫ్రీజర్‌కి కంప్రెసర్, డ్రయ్యర్ మార్చాం. ఛార్జింగ్ లైను నుంచి నైట్రోజన్ వదులుతూ బ్రేజింగ్ చేశాను. మొదటి జాయింట్లు బాగా వచ్చాయి. చివరగా డ్రయ్యర్‌కి కాపిలరీ కలిపేటప్పుడు మాత్రం కరిగిన రాడ్డు బుడగలు కట్టి సూది రంధ్రాలు పడ్డాయి. "నైట్రోజన్ ఆపేసి గబగబా కాల్చెయ్, రాడ్డులోనే ఫ్లక్స్ ఉంది, ఏమీ కాదు" అన్నారు మా సీనియర్. అలాగే చేశాను, లీకు లేదు. కానీ తీసేసిన పాత జాయింటు ఒకటి కోసి చూస్తే లోపలంతా నల్లగా పొలుసులు. నాది కూడా అలాగే ఉంటుందా? అసలు నైట్రోజన్ ఎంత పెట్టాలి?*

"ఎంత పెట్టాలి" అన్నదానికంటే ముందు "ఎటు పోవాలి" అన్నది తేల్చుకోవాలి. మీ జాయింటు చెడింది నైట్రోజన్ ఉన్నందువల్ల కాదు, దానికి బయటికి దారి లేనందువల్ల.

మీరు కాపిలరీని డ్రయ్యర్‌లో పెట్టిన క్షణంలో ఆ సర్క్యూట్ ఎలా ఉందో ఊహించుకోండి. ఛార్జింగ్ లైనులోంచి వెళ్లిన నైట్రోజన్ కంప్రెసర్ షెల్‌లో రెండుగా చీలుతుంది. ఒక పాయ పంపు వాల్వులు దాటి డిశ్చార్జ్, కండెన్సర్, డ్రయ్యర్ మీదుగా జాయింటుకి వస్తుంది. రెండో పాయ సక్షన్ లైను, కూలింగ్ కాయిల్, కాపిలరీ మీదుగా అదే జాయింటుకి ఇంకో వైపు నుంచి వస్తుంది. రెండూ అక్కడ కలుస్తాయి, కానీ అక్కడి నుంచి పోయే చోటు లేదు. జాయింటు చల్లగా ఉన్నంతసేపు డ్రయ్యర్ మూతికీ కాపిలరీకీ మధ్య సందులోంచి కొంచెం కొంచెం బయటపడుతుంది. రాడ్డు కరిగి ఆ సందును మూయబోతుంటే, ఉన్న ఒక్క దారీ మూసుకుపోతోంది కాబట్టి గ్యాసు కరిగిన లోహాన్ని చీల్చుకుని వస్తుంది. మీరు చూసిన బుడగలు అవే. టార్చ్ వేడికి లోపలి గ్యాసు వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్ నుంచి వచ్చేది చాలా తక్కువైనా ఇలాగే అవుతుంది. మొదటి జాయింట్లు బాగా రావడానికి కారణం ఒక్కటే, అప్పటికి ఏదో ఒక కొస తెరిచి ఉంది.

కాబట్టి ఒత్తిడి వల్లే రంధ్రాలు పడ్డాయని మీ సీనియర్ గమనించింది నిజం. నేను ఒప్పుకోనిది తర్వాతి మాటలే. ఒత్తిడి తీసేయడం వేరు, నైట్రోజన్ తీసేయడం వేరు.

రాడ్డులో ఉండే ఫ్లక్స్ అంటే ఫాస్ఫరస్. రాగికి రాగి కలిపేటప్పుడు అది కరిగిన లోహం తాకిన చోట ఆక్సైడ్‌ను తీసేస్తుంది, అందుకే విడిగా ఫ్లక్స్ అక్కర్లేదు. కానీ అది పనిచేసేది కరిగిన రాడ్డు పాకిన సందులోనే. ఆ సందుకి అటూ ఇటూ పైపు కూడా ఎర్రగా కాలుతుంది కదా, దాని లోపలి గోడ దగ్గరికి ఫాస్ఫరస్ వెళ్లదు. అక్కడ ఉన్నది గాలి అయితే రాగి నల్లబడి తీరుతుంది. గబగబా కాల్చినా లాభం లేదు. సిల్వర్ 15 శాతం ఉన్న రాడ్డు సుమారు 645 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలై 800 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఆ వేడిలో పొర ఏర్పడటానికి సెకన్లు చాలు. పైపు బయట అంత సేపట్లోనే ఎలా నల్లబడుతుందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. బయటి నలుపును బ్రష్షుతో రుద్దొచ్చు, లోపలిది అక్కడే ఉండిపోతుంది.

ఆ పొర పైపుకి గట్టిగా అంటుకుని ఉంటే ఇంత బాధ లేదు. చల్లారేటప్పుడు రాగి కుంచించుకున్నంతగా ఆక్సైడ్ కుంచించుకోదు, అందుకని పగిలి పొలుసుగా లేస్తుంది. పాత మినరల్ ఆయిల్ ఉన్న మెషీన్లలో చాలా పొలుసు ఉన్నచోటే ఉండిపోయేది. ఆర్-134ఎ తో వాడే పీఓఈ ఆయిల్ గోడలను కడిగినట్టు కడుగుతుంది, పొలుసును ఊడదీసి వెంట తీసుకుపోతుంది. దారిలో ఉన్న అతి సన్నని చోటు కాపిలరీ, చిన్న మెషీన్లలో దాని లోపలి రంధ్రం 0.8 మి.మీ. అటూ ఇటూ.

మీ ప్రత్యేక జాయింటు విషయం ఇక్కడ చెప్పాలి. సర్క్యూట్ మొత్తంలో నైట్రోజన్ తప్పనిసరిగా ఉండాల్సిన జాయింటు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. డిశ్చార్జ్ దగ్గర రాలిన పొలుసును డ్రయ్యర్ జల్లెడ కొంతైనా ఆపుతుంది. డ్రయ్యర్ బయటి మూతిలో రాలింది జల్లెడ దాటిన తర్వాత పుట్టింది, దాన్ని ఆపేది ఇంకేమీ లేదు. కాపిలరీ నోటి ముందే ఉంటుంది.

ఇక ఆ ఫ్రీజర్‌నే మళ్లీ మొదటి నుంచి చేస్తున్నట్టు నడుద్దాం. ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: గ్యాసు దారిలో సన్నటి అడ్డు ఏదైనా ఉంటే అది జాయింటుకి ముందు ఉండాలి, తర్వాత ఉండకూడదు. అడ్డు ముందుంటే ఒత్తిడంతా అక్కడే పడిపోయి జాయింటు దగ్గర బయటి గాలి ఒత్తిడే ఉంటుంది. అడ్డు తర్వాత ఉంటే రెగ్యులేటర్‌లో పెట్టిన ఒత్తిడంతా జాయింటు మీద కూర్చుంటుంది.

రిఫ్రిజరెంట్‌ను రికవరీ చేసి, పాత డ్రయ్యర్‌ను కట్టర్‌తో కోసి తీశారనుకుందాం. టార్చ్‌తో ఊడదీయకండి. డ్రయ్యర్ పీల్చుకున్న తేమ వేడికి తిరిగి పైపుల్లోకి పోతుంది. పైపులో మిగిలిన ఆర్-134ఎ మంట తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌గా మారుతుంది, అది పీల్చకూడని వాయువు.

మొదట సక్షన్ జాయింటు, ఛార్జింగ్ లైను జాయింటు. ఛార్జింగ్ వాల్వ్ లోపలి పిన్‌ను విప్పి పక్కన పెట్టండి. అది లోపలే ఉంటే దారి మూసినట్టే, పైగా దాని రబ్బరు వేడికి కాలిపోతుంది. నైట్రోజన్‌ను కోసి తెరిచి ఉన్న కాపిలరీ కొసకు తగిన అడాప్టర్‌తో కలపండి. అది కాపిలరీ, కూలింగ్ కాయిల్, సక్షన్ లైను మీదుగా షెల్‌లోకి వచ్చి, ఛార్జింగ్ లైను నుంచీ తెరిచి ఉన్న డిశ్చార్జ్ మూతి నుంచీ బయటికి పోతుంది. ఇక్కడ రెగ్యులేటర్‌ను 5 బార్ దాకా పెట్టినా భయం లేదు. మూడు మీటర్ల కాపిలరీ ఆ ఒత్తిడినంతా తినేస్తుంది, అవతలి కొస నుంచి నిమిషానికి నాలుగైదు లీటర్లు మాత్రమే వస్తుంది. అడ్డు ముందుండటం వల్ల మేలు జరగడమంటే ఇదే. అదే 0.2 బార్ పెట్టి ఉంటే నిమిషానికి పావు లీటరు కూడా రాదు. "నైట్రోజన్ పెట్టాను సార్, అయినా నల్లబడింది" అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇది. సిలిండర్ తెరిచి ఉంటుంది, గేజ్ ముల్లు లేచి ఉంటుంది, జాయింటు దగ్గరికి మాత్రం ఏమీ చేరి ఉండదు.

వెంటనే టార్చ్ ముట్టించకండి, ముందు లోపలి గాలిని పంపించాలి. షెల్‌లో ఖాళీ రెండు లీటర్లు, కాయిల్‌లో అర లీటరు అనుకుంటే మొత్తం రెండున్నర లీటర్లు. రెండున్నర లీటర్ల నైట్రోజన్ పంపితే గాలి పోతుందనుకుంటే పొరపాటు. షెల్ లాంటి వెడల్పాటి చోట నైట్రోజన్ గాలిని తోసుకుంటూ వెళ్లదు, అందులో కలిసిపోతుంది. ఒక్క నింపుడుకి మూడో వంతు కంటే ఎక్కువ గాలి మిగిలే ఉంటుంది. అయిదు నింపుళ్లు పోతే ఒక శాతం లోపుకి దిగుతుంది. అంటే సుమారు పన్నెండు, పదమూడు లీటర్లు, నిమిషానికి నాలుగున్నర చొప్పున మూడు నిమిషాలు. గడియారం చూసి ఆగండి, అందాజుగా వద్దు. ఆ తర్వాత నిమిషానికి ఒకటి రెండు లీటర్లకు తగ్గించి అప్పుడు మంట పెట్టండి. ప్రవాహం ఎక్కువగా ఉంచితే మేలేమీ లేదు, జాయింటును లోపలి నుంచి చల్లార్చి రాడ్డు పాకకుండా చేస్తుంది.

ఫ్లో మీటర్ ఉంటే దాన్ని నిటారుగా నిలబెట్టి చదవండి, పడుకోబెడితే తప్పు చూపిస్తుంది. లేకపోతే బయటి కొస దగ్గర చెంపను కొద్దిగా తడిపి పెట్టండి. చల్లగా, మెల్లగా తగులుతూ ఉండాలి, ఊదినట్టు కాదు. అడ్డేమీ లేని మామూలు పైపు లైనులో రెగ్యులేటర్ దగ్గర 0.2 బార్ అంటే ఇంచుమించు అంతే వస్తుంది. కొందరు బయటి గొట్టాన్ని నీళ్ల గ్లాసులో ముంచి బుడగలు చూస్తారు. చూడటం వరకు మంచిదే, బ్రేజింగ్ మొదలుపెట్టే ముందు మాత్రం తీసేయండి. మధ్యలో నైట్రోజన్ ఆగి పైపు చల్లారిందంటే ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది.

కంప్రెసర్ మూతుల గురించి చిన్న మాట. కొన్నిటికి అవి రాగి పూత వేసిన ఇనుపవి ఉంటాయి. ఆకురాయితో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. అలాంటి వాటికి ఫాస్ఫరస్ రాడ్డు వాడకూడదు, అతుకు పెళుసుగా మారి కంపనానికి చీలుతుంది. ఫాస్ఫరస్ లేని సిల్వర్ రాడ్డు, విడి ఫ్లక్స్ కావాలి.

తర్వాత డిశ్చార్జ్ జాయింటు, డ్రయ్యర్ లోపలికి వెళ్లే వైపు జాయింటు. ఇప్పుడు నైట్రోజన్‌ను ఛార్జింగ్ లైనుకి మార్చండి. షెల్‌లోంచి పంపు వాల్వులు దాటి డిశ్చార్జ్, కండెన్సర్ మీదుగా తెరిచి ఉన్న కొస నుంచి వస్తుంది. వస్తోందో లేదో ఆ కొస దగ్గర చెంప పెట్టి చూసుకున్నాకే మంట పెట్టండి. దీన్ని తిరగేసి కండెన్సర్ వైపు నుంచి పంపితే డిశ్చార్జ్ వాల్వ్ దగ్గర ఆగిపోతుంది, మళ్లీ దారి మూసిన జాయింటే అవుతుంది. కొత్త డ్రయ్యర్ మూతలు దాని వంతు వచ్చే వరకు విప్పకండి. డ్రయ్యర్ ఒంటికి తడిగుడ్డ చుట్టి, మంటను దానికి ఎదురుగా కాకుండా అవతలికి తిప్పి పట్టండి.

చివరికి మీ జాయింటు. కండెన్సర్ వైపు మూతి పక్కనే మరో సన్న గొట్టం ఉన్న డ్రయ్యర్లు దొరుకుతాయి. కంప్రెసర్ మార్చే పనికి అదే తెప్పించండి, ఇక్కడి కష్టమంతా ఆ ఒక్క గొట్టం తీరుస్తుంది. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచి, నైట్రోజన్ ఛార్జింగ్ లైను నుంచే వదులుతూ ఉండండి. కండెన్సర్ పాయ నేరుగా ఆ గొట్టంలోంచి బయటికి పోతుంది. కాయిల్ పాయ కాపిలరీ దాటి, జాయింటు దాటి, డ్రయ్యర్ గింజల మధ్య నుంచి అదే గొట్టానికి చేరుతుంది. అడ్డు అయిన కాపిలరీ జాయింటుకి ముందు ఉంది, తర్వాత ఉన్నది తెరిచిన దారి. దాని గుండా వచ్చేది చాలా తక్కువే, కానీ అక్కడి గాలి ఇంతకుముందే వెళ్లిపోయింది కాబట్టి తిరిగి రానివ్వకుండా ఉంచడానికి అది సరిపోతుంది. కాపిలరీని జల్లెడకి తగిలేదాకా తోసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. జల్లెడకి ఆనితే నోరు మూసుకుంటుంది, మరీ బయటికి ఉంటే కరిగిన రాడ్డే నోట్లోకి పోతుంది. జాయింటు చల్లారాక నైట్రోజన్ ఆపి, ఒత్తిడి దిగనిచ్చి, ఆ గొట్టాన్ని ప్లయర్‌తో నొక్కి మూసి, కొసను బ్రేజ్ చేయండి.

ఒంటి మూతి డ్రయ్యరే చేతిలో ఉంటే, అన్ని నింపుళ్లూ అయ్యాక నైట్రోజన్ ఆపి, హోస్ తీసేసి, పిన్ లేని ఛార్జింగ్ లైనును తెరిచి వదిలి, ఆలస్యం చేయకుండా కాల్చాలి. లోపల నైట్రోజనే ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఉండదు. కానీ వేడికి వ్యాకోచించిన గ్యాసు కాపిలరీ అంత సన్న దారిలోనే తప్పించుకోవాలి, వెనక డిశ్చార్జ్ వాల్వ్ మూసే ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు ఒక బుడగ వస్తుంది. దీన్ని నేను తప్పనిసరి అయినప్పుడే చేస్తాను.

ప్రతి జాయింటుకీ ఇంకో మాట. రాడ్డు పాకింది, టార్చ్ తీశాం అనగానే నైట్రోజన్ ఆపకండి. పైపు ఇంకా వందల డిగ్రీల వేడిలో ఉంటుంది, అప్పుడు గాలి తగిలినా నల్లబడుతుంది. ఎరుపు పోయి, ఆ తర్వాత తడిగుడ్డ తాకిస్తే బుస్సుమనకుండా ఉండే దాకా ఉంచండి. నేను నేర్చుకునే రోజుల్లో సిలిండర్ ఆదా చేద్దామని టార్చ్‌తో పాటే నైట్రోజన్ కట్టేసేవాణ్ని. కోసి చూసిన రోజున తెలిసింది, రాడ్డు పాకిన చోట బాగానే ఉంది, దాని పక్కన అంగుళం మేర ఊదారంగు తిరిగి ఉంది.

మీరూ అలా కోసి చూడండి. సర్వీసు పనిలో కాకుండా బల్ల మీద ఒకే సైజు ముక్కలు తీసుకుని, ఒకటి నైట్రోజన్ లేకుండా, ఒకటి మూడు నిమిషాలు పంపి, ఒకటి పది సెకన్లు మాత్రమే పంపి బ్రేజ్ చేయండి. మూడింటినీ నిలువుగా కోయండి. సరిగ్గా పంపినది లోపల కొత్త పైపులా మెరుస్తుంది. లేత పసుపో, ఊదానో తిరిగితే గాలి కొంత మిగిలిందని అర్థం. నల్లటిదాన్ని తెల్లకాగితం మీద తట్టి చూడండి, రాలే పొలుసులు కనిపిస్తాయి. ఆ కాగితాన్ని మీ సీనియర్‌కి కూడా చూపించండి. ఆయన చేతికి ఇన్నేళ్ల అనుభవం ఉంది, లోపలి వైపు చూసే అవకాశం వచ్చి ఉండకపోవచ్చు.

జాగ్రత్త విషయంలో మూడే చెబుతాను, మూడూ ప్రాణానికి సంబంధించినవి. నిండు సిలిండర్‌లో 150 బార్ దాకా ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా ఎన్నడూ హోస్ తగిలించకండి. పక్కనే ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని నైట్రోజన్‌కి బదులు దాన్ని పైపుల్లోకి వదలడం అంటే ఆయిల్‌తో పేలుడు తెచ్చుకోవడం. మూసిన చిన్న గదిలో నైట్రోజన్ వాసన లేకుండానే ఊపిరి ఆడనివ్వకుండా చేస్తుంది, తలుపు తీసి పెట్టండి.

ఇప్పుడు నడుస్తున్న ఫ్రీజర్ సంగతి. మీరు అంతకుముందు నైట్రోజన్ పంపుతూనే ఉన్నారు కాబట్టి లోపల చాలావరకు అదే మిగిలి ఉండొచ్చు, పాత జాయింటు అంత నల్లగా ఉంటుందని నేననుకోను. కానీ రంధ్రాలు పడ్డాక కాపిలరీని బయటికి లాగి శుభ్రం చేసి మళ్లీ పెట్టి ఉంటే మూతి దగ్గర గాలి చేరే ఉంటుంది. ఇప్పుడే విప్పమని చెప్పను, గమనించమంటాను. కాపిలరీ మూసుకుపోవడం మొదలైతే కాయిల్ మొదట్లో కొంత మేరే మంచు పట్టి మిగతాది ఖాళీగా ఉంటుంది. సక్షన్ ఒత్తిడి వాక్యూమ్ వైపు దిగుతుంది, కంప్రెసర్ మామూలు కంటే తక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, ఆపాక రెండు వైపుల ఒత్తిడీ సమం కావడానికి చాలాసేపు పడుతుంది. ఇవాళే ఆంపియర్లు రాసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.

తేమ గడ్డకట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తేడా ఒక్కటే, తేమ అయితే మెషీన్ ఆపి కాపిలరీ చివర వేడెక్కనిస్తే మంచు కరిగి కాసేపు బాగా చల్లబరుస్తుంది, మళ్లీ ఆగుతుంది. పొలుసు అయితే ఎంత వేడెక్కినా మారదు. అది పొలుసేనని తేలితే ఊదిపారేసే ప్రయత్నం చేయకండి, ఇంకొంచెం లోపలికి పోయి బిగుసుకుంటుంది. డ్రయ్యర్, కాపిలరీ రెండూ మార్చండి. కొత్త కాపిలరీ అదే రంధ్రం, అదే పొడవు ఉండాలి. డ్రయ్యర్ మాత్రం ఈసారి పక్క గొట్టం ఉన్నది తెప్పించుకోండి.